కోడింగ్ క్లబ్‌కు అనుమతి కోరుతూ లేఖ

అనంతపురం,
జులై 14.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం సార్.

మన కళాశాలలో చిన్న కోడింగ్ క్లబ్ పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. రికార్డులో ప్రోగ్రాములు తప్పు లేకుండా రాస్తాం గానీ, సిస్టమ్ ముందు కూర్చుంటే చిన్న కోలన్ మర్చిపోయినా ఎర్రర్ ఎక్కడుందో తెలియక టెన్షన్ పడుతున్నాం. చేత్తో చేస్తే తప్ప ఇది రాదు.

ప్రతి గురువారం 3:30 నుంచి 4:45 వరకు కంప్యూటర్ ల్యాబ్ ఇస్తే చాలు. ధర్మవరం, కళ్యాణదుర్గం నుంచి వచ్చేవాళ్లకు బస్సు తప్పకూడదు కాబట్టే ఆ టైమ్ అనుకున్నాం. ఇప్పటికి 15 మంది పేర్లిచ్చారు. బీకాం, బీఏ వాళ్లు వచ్చినా చేర్చుకుంటాం.

పైథాన్‌తో మొదలుపెడతాం. అది ఉచితం, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది, ల్యాబ్‌లోని పాత సిస్టమ్‌లకూ సరిపోతుంది. మొదటి పని, హాజరు శాతం లెక్కగట్టే ప్రోగ్రాం. మాకు అందరికన్నా ముందు కావలసింది అదే!

కంప్యూటర్స్ మేడమ్ పర్యవేక్షణకు ఒప్పుకున్నారు. డబ్బేమీ అడగడం లేదు సార్. ల్యాబ్ తాళం, కరెంటు, ఒక వైట్‌బోర్డు ఇప్పిస్తే చాలు. ముందు ఒక సెమిస్టర్‌కు అనుమతించి, నచ్చితేనే కొనసాగించండి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఎం. శిరీష,
బీఎస్సీ కంప్యూటర్స్, రెండో సంవత్సరం