విషయం: సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి రికమండేషన్ లెటర్ గురించి

మేడమ్, నమస్తే.

నేను శ్రావణిని, బీఎస్సీ మైక్రోబయాలజీ మూడో సంవత్సరం. పోయిన సెమిస్టర్‌లో శనక్కాయ వేరు బుడిపెల మీద మీ దగ్గర ప్రాజెక్ట్ చేశాను. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నాను. దానికి నా పని తెలిసిన టీచర్ రికమండేషన్ లెటర్ ఒకటి కావాలి. మీరు రాసిస్తారా అని అడగడానికే ఈ మెయిల్.

సెలెక్ట్ అయితే వేసవిలో రెండు నెలల దాకా ఒక సైంటిస్ట్ దగ్గర, వాళ్ళ ల్యాబ్‌లోనే పని చేయొచ్చు. స్టైపెండ్ కూడా ఇస్తారు కాబట్టి ఇంట్లో డబ్బు అడగాల్సిన పని లేదు. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద విషయం, ఇక్కడ మనం ఎక్కడ ఆపామో అక్కడి నుంచి ముందుకు వెళ్ళే వీలు దొరకడం.

మీకు చాలామంది స్టూడెంట్స్ ఉంటారు కాబట్టి నేను చేసింది కొంచెం గుర్తు చేస్తాను. కదిరి దగ్గర మా చేలో తవ్విన మొక్కల వేర్లు తెచ్చి, బుడిపెలు కోసి చూసి, లోపల గులాబీ రంగు ఉన్నవాటినే, అంటే లెగ్‌హిమోగ్లోబిన్ ఉండి నత్రజనిని పట్టే పని ఇంకా చేస్తున్నవాటినే తీసుకున్నాం. వాటిని 70 శాతం ఆల్కహాల్‌తో, తర్వాత హైపోక్లోరైట్‌తో శుభ్రం చేసి, నలిపి, కాంగో రెడ్ కలిపిన ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మానిటాల్ అగర్ మీద వేశాం. మొదటి రెండు రోజుల్లోనే గబగబా పెరిగి ఎర్రరంగు పీల్చుకున్న కాలనీలను పక్కన పెట్టి, వారం దాటాక సూదిమొన అంత తెల్లగా కనబడ్డవాటి కోసం ఆగమని మీరే చెప్పారు. ఆ చిన్న చుక్కలను బ్రోమోథైమాల్ బ్లూ ఉన్న ప్లేట్ మీదకి మారిస్తే మీడియం ఆకుపచ్చ నుంచి నీలానికి తిరిగింది. నిదానంగా పెరిగి క్షారాన్ని వదిలే బ్రాడీరైజోబియం చేసే పని అదే. ఆ ప్లేట్‌ని మీరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించినప్పుడే ఈ రంగంలోనే చదవాలని గట్టిగా అనిపించింది.

మా నాన్న వర్షం మీద ఆధారపడి శనక్కాయ వేస్తారు. వాన మధ్యలో ముఖం చాటేస్తే నేల ఎండిపోతుంది, బుడిపెలు కూడా తక్కువ పడతాయి, పడ్డవీ సరిగ్గా పనిచేయవు. ఎండకూ బెట్టకూ తట్టుకునే బ్రాడీరైజోబియం రకాలు మన నేలల్లో ఉన్నాయా, ఉంటే వాటిని మిగతావాటి నుంచి ఎలా వేరు చేయాలి అన్నదే నాకు నేర్చుకోవాలని ఉంది. స్టేట్‌మెంట్‌లో కూడా ఇదే రాశాను.

లెటర్ మీరే రాయాలని ఎందుకంటున్నానంటే, నా మార్కులు మెమోలోనే కనిపిస్తాయి, వాటి గురించి ఎవరైనా రాయగలరు. ప్లేట్ల కోసం ఆగడం, సెలవు రోజుల్లో కూడా వచ్చి ఇంక్యుబేటర్ చూసుకోవడం, రికార్డులో ఏ రోజు చూసింది ఆ రోజే రాయడం మీరు దగ్గరుండి చూశారు. డిపార్ట్‌మెంట్‌లో ఇంకా పెద్ద హోదా ఉన్నవాళ్ళని అడగమని ఫ్రెండ్స్ అన్నారు గానీ, నా పని చూడనివాళ్ళు మంచి అమ్మాయి, కష్టపడుతుంది అని రాస్తే చదివేవాళ్ళకి నేనేం చేయగలనో తెలియదని నా అభిప్రాయం. ఆ బుడిపెల పని గురించి రెండు మూడు వాక్యాలున్నా నాకు చాలు. ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని మీకు అనిపిస్తే, మాలిక్యులర్ పని నాకింకా రాదు కదా, అది కూడా రాయండి మేడమ్, అక్కడికి వెళ్ళేది నేర్చుకోవడానికే.

మార్కుల మెమోలు, స్టేట్‌మెంట్ డ్రాఫ్ట్, ప్రాజెక్ట్ రిపోర్ట్, నీలానికి మారిన ప్లేట్ ఫొటో జత చేశాను. ఈ నెల 20వ తేదీలోపు లెటర్ అందితే అప్లికేషన్ నిమ్మళంగా పూర్తి చేస్తాను. మీకు ఇంటర్నల్స్ పేపర్లు దిద్దే పని ఉందని తెలుసు, ఈసారి వీలుకాదంటే ఒక్క మాట చెప్పండి, నేనేమీ అనుకోను, వేరేవాళ్ళని అడగడానికి టైమ్ ఉంటుంది.

గురువారం మూడో పీరియడ్ తర్వాత మీకు ఖాళీ ఉంటే ల్యాబ్‌కి వచ్చి కలుస్తాను. రికార్డు బుక్ కూడా తెస్తాను.

నమస్కారాలతో,
శ్రావణి
బీఎస్సీ మైక్రోబయాలజీ, మూడో సంవత్సరం