ఖండన ప్రసంగం: నల్లా నీళ్లు వచ్చాక బోరునీటి పరీక్షలు అక్కరలేదన్న ప్రతిపాదనపై

అధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, ప్రతిపక్ష మిత్రులకు నమస్కారం.

ఇంటింటికీ నల్లా వచ్చింది కాబట్టి ఊళ్లలో బోరునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసే పరీక్షలు ఇక అక్కరలేదంటూ మిత్రులు మూడు మాటలు చెప్పారు. వాటికి నేను పేర్లు పెడుతున్నాను: నల్లా మాట, ఖర్చు మాట, పటిక మాట. వారు చెప్పిన వరుసలోనే, ప్రతిసారీ ఆ పేరు పలికి జవాబు చెబుతాను. ఏదైనా దాటవేస్తే సభవారు నన్ను ఆపవచ్చు.

మొదటిది నల్లా మాట. కృష్ణా నీళ్లు శుద్ధి అయి ఇంటికే వస్తున్నాయని, బోరునీళ్లు తాగేవారే లేరని అన్నారు. ఇందులో మొదటి సగం నిజమే. మిషన్ భగీరథ వల్ల నల్లగొండకు మేలు జరిగిందని మేమూ ఒప్పుకుంటాం. రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోం. పైపు పగిలిన రోజున, ట్యాంకు నిండని రోజున ఊరంతా చేతిపంపు దగ్గరికే పోతుంది. నాట్లకు పోయిన కూలీలు దూపైతే పొలంలోని బోరు దగ్గరే దోసిలి పడతారు.

రెండవది ఖర్చు మాట. పరీక్షలకు డబ్బు దండగ అన్నారు గాని, ఎంత అవుతుందో చెప్పలేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో ఒకసారి వంగిన ఎముకలను మునుపటిలా చేసే మందు లేదు. దీనికి ఇంతకంటే జవాబు అవసరమని నేను అనుకోను.

మూడవది పటిక మాట. మిత్రుల వాదాల్లో బలమైనది ఇదే. నీటిలో ఫ్లోరైడ్ ఉన్నా, మన జిల్లా పేరుతోనే ‘నల్లగొండ పద్ధతి’ ఉంది కదా, పటికా సున్నమూ కలిపి తేర్చుకుంటే చాలదా అన్నారు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతి మంచిదే. అయితే అందులో వేయవలసిన పటిక మోతాదు, ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత ఎంత ఉంది అన్న రెండు లెక్కల మీద ఆధారపడుతుంది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువ వేస్తే అల్యూమినియం మిగులుతుంది. ఒకే ఊళ్లో ఈ బోరుకూ ఆ బోరుకూ ఫ్లోరైడ్ తేడాగా ఉంటుంది కనుక, పక్కింటి కొలత మన బిందెకు పనికిరాదు. రుచి చూసి తెలుసుకుందామంటే ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా ఉండవు. మరిగిస్తే పోతుందా అంటే, నీరు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును నీళ్లు దాటాయో లేదో చెప్పగలిగింది పరీక్ష ఒక్కటే. అంటే మిత్రులు పరీక్ష వద్దనడానికి చూపిన పద్ధతే పరీక్షతో మొదలవుతుంది.

పరీక్ష లేకుండా బిందెకు ఎంత పటిక వేయాలో, పటిక మాట చెప్పిన మిత్రులు తమ తుది ప్రసంగంలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.