ఆడిటింగ్ పేపర్ చెక్‌లిస్టు: ఏం చేయాలి, ఏ కాగితం చూడాలి, ఎక్కడ మార్కులు పోతాయి

నోట్సులోని నిర్వచనాలన్నీ తీసేశాను, అవి ఎలాగూ అందరికీ వచ్చు. పరీక్ష ముందు రోజు రాత్రి చూసుకోవడానికి ఇది చాలు.

నగదు, బ్యాంకు
☐ చేతిలో ఉన్న నగదంతా ఒకేసారి, క్యాషియర్ ఎదుటే లెక్కపెట్టాలి. ఆయన సంతకం తీసుకోవాలి. ("ఒకేసారి" అన్న మాట మర్చిపోవద్దు. విడివిడిగా లెక్కపెడితే ఒక పెట్టెలోని లోటును ఇంకో పెట్టెలోని డబ్బుతో కప్పేయొచ్చు.)
☐ బ్యాంకు నుంచి బ్యాలెన్స్ నిర్ధారణ ఆడిటర్‌కే నేరుగా రావాలి.
☐ బ్యాంకు రీకన్సిలియేషన్: క్యాష్ బుక్ 84,000 + ఇంకా చెల్లింపు కాని చెక్కులు 12,000 − బ్యాంకు ఇంకా జమ చేయని డిపాజిట్ 4,500 = స్టేట్‌మెంట్ 91,500.

ఇక్కడే ఉచ్చు. లెక్క సరిపోయింది కదా అని చాలామంది ఆపేస్తారు. ఆ 12,000 చెక్కులు తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఎప్పుడు చెల్లింపయ్యాయో చూడాలి. నెలాఖరు దాకా రాలేదంటే, వాటిని రాసి, ఇవ్వకుండా అట్టేపెట్టారేమో అడగాలి. ఈ వాక్యం రాసినవాళ్ల జవాబు వేరేగా కనిపిస్తుంది.

☐ టీమింగ్ అండ్ లేడింగ్ ప్రశ్న వస్తే: రసీదు కౌంటర్‌ఫాయిల్, పే-ఇన్ స్లిప్, క్యాష్ బుక్, ఈ మూడింట్లో తేదీ, పేరు, మొత్తం పోల్చాలి. మొత్తం ఒక్కటే చూస్తే దొరకదు.

డెబ్టర్స్
☐ కన్ఫర్మేషన్ లేఖలు పంపేది, జవాబులు అందుకునేది ఆడిటరే, క్లయింట్ కాదు.
☐ పాజిటివ్ లేఖకు జవాబు రాకపోతే బాకీ నిజమని అర్థం కాదు. తర్వాత వచ్చిన వసూళ్లు, ఇన్‌వాయిస్, డెలివరీ చలానా చూడాలి.
☐ ఏజింగ్ షెడ్యూలుతో రాని బాకీల ప్రొవిజన్ సరిచూడాలి.

స్టాకు
☐ భౌతిక లెక్కింపుకు హాజరు, కట్-ఆఫ్, కొన్న ధర లేదా నికర వసూలు విలువ, ఏది తక్కువైతే అది. సొంతం కాని సరుకు (కన్‌సైన్‌మెంట్) తీసేశారా?

దిక్కు తప్పొద్దు
పుస్తకాల నుంచి వోచర్లకు వెళ్తే, లేని లావాదేవీ రాశారా అన్నది తేలుతుంది. వోచర్ల నుంచి పుస్తకాలకు వెళ్తే, ఉన్నది వదిలేశారా అన్నది తేలుతుంది. రాయని అప్పుల గురించి అడిగితే రెండోదే. వోచింగ్ లావాదేవీలకు, వెరిఫికేషన్ ఆస్తి అప్పులకు.

అభిప్రాయం
☐ తప్పు ముఖ్యమైనదే కానీ అంతటా పాకలేదు: క్వాలిఫైడ్.
☐ అంతటా పాకింది: అడ్వర్స్.
☐ సాక్ష్యమే దొరకలేదు, దాని ప్రభావం అంతటా ఉండొచ్చు: డిస్‌క్లెయిమర్. ఇది "తప్పుంది" అనడం కాదు, "చెప్పలేను" అనడం.

మిగతా చిన్నవి
☐ వర్కింగ్ పేపర్స్ ఆడిటర్ సొత్తు.
☐ ఆర్థిక నివేదికల బాధ్యత యాజమాన్యానిది.
☐ "కాపలా కుక్కే కానీ వేటకుక్క కాదు": కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసు, 1896. దీన్ని చూపించి, ఆడిటర్‌కు మోసాలతో సంబంధమే లేదని మాత్రం రాయకండి. అనుమానం కలిగించేది కనిపిస్తే లోతుగా వెళ్లాల్సిందే.