సూ షెఫ్ ఉద్యోగానికి రాజీనామా

విశాఖపట్నం
16 జూన్ 2025

ఎగ్జిక్యూటివ్ షెఫ్ గారికి
నకలు: హెచ్‌ఆర్ మేనేజర్ గారికి

షెఫ్ గారూ, నమస్కారం.

సూ షెఫ్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నెల రోజుల నోటీసు ఇస్తున్నాను. జులై 15, మంగళవారం నా చివరి డ్యూటీ. మొన్న శనివారం డిన్నర్ సర్వీస్ అయ్యాక మీతో చెప్పిన మాటే ఇది. కాగితం మీద పెట్టమన్నారు, పెడుతున్నాను.

కిచెన్‌లో అప్పుడే ఒకరు దుబాయ్ అంటున్నారట, ఒకరు క్రూజ్ షిప్ అంటున్నారట. రెండూ కాదు. మర్రిపాలెంలో చిన్న వంటగది ఒకటి అద్దెకు తీసుకున్నాను. వ్రతాలు, బారసాలలు, సీమంతాలు, గృహప్రవేశాల వరకు కేటరింగ్ చేస్తాను. వంద విస్తళ్లు దాటితే ఒప్పుకోకూడదని ముందే అనుకున్నాం. పిండివంటలు మా అత్తగారు చూసుకుంటారు, లెక్కలు మా ఆవిడ చూస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్‌కి అప్లై చేశాను. కమర్షియల్ గ్యాస్ కనెక్షన్ కూడా ఈ నెలలోనే వచ్చేస్తుంది.

ఎందుకు వెళ్తున్నావని మీరు అడిగినప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. జీతం విషయంలోగానీ, మీతోగానీ నాకు ఏ ఇబ్బందీ లేదు. నన్ను తినేస్తున్నది బఫే. ఈ వేసవిలో ఆంధ్రా ఫుడ్ ఫెస్టివల్‌కి పనసపొట్టు కూర పెట్టాం, గుర్తుంది కదా. పొట్టు పసుపు, చింతపండు వేసి ఉడికించి, నీళ్లు పూర్తిగా పిండి, పోపులో మగ్గించేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆవ మాత్రం పొయ్యి మీంచి దించి, కూర కాస్త చల్లారాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. కలిపిన కాసేపటికి విస్తట్లో పడితే దాని ఘాటు ముక్కుకి తెలుస్తుంది. మనం ఏం చేస్తాం? కింద నీళ్లు మరుగుతుండగా చేఫింగ్ డిష్‌లో గంటల తరబడి ఉంచుతాం. ఉంచక తప్పదు కూడా, వేడి పదార్థం అరవై డిగ్రీలకు తగ్గకూడదన్నది నియమం, ఆ టెంపరేచర్ లాగ్ మీద సంతకం పెట్టేది నేనే. నియమం సరైనదే. కానీ ఆ కూరకి ఆ పద్ధతి పనికిరాదు. చివర్లో వచ్చిన గెస్టులు తిన్నది పనసపొట్టు కూరే అంటే నేను ఒప్పుకోను.

అరవై డెబ్బై మందికైతే దీనికి దారి ఉంది. పంక్తి లేచే టైమ్ చూసుకుని, అక్కడికక్కడే ఆవ కలిపి వడ్డించవచ్చు. గారెలు మూకుడులోంచి నేరుగా విస్తట్లోకి వెళ్తాయి. నాలుగు వందల కవర్లున్న బాంక్వెట్‌లో ఇది కుదిరే పని కాదు, కుదరాలని అడగడం కూడా న్యాయం కాదు. అందుకే నేనే చిన్న పనికి వెళ్తున్నాను.

టైమ్ కూడా చూసుకునే రాస్తున్నాను. ఈ 26న ఆషాఢం వస్తోంది, పెళ్లి బుకింగులు లేవు, బాంక్వెట్ కిచెన్ ఖాళీగా ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్లు కుదురుకోవడానికి ఇంతకంటే మంచి నెల దొరకదు. నాకూ శ్రావణానికి ముందు పొయ్యి వెలిగించాలని ఉంది. వరలక్ష్మీ వ్రతానికి అప్పుడే రెండు ఇళ్లవాళ్లు అడిగారు. వాళ్లు మా వీధివాళ్లే, హోటల్ గెస్టులు కాదు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ రాసిపెడుతున్నాను. బాంక్వెట్ సేల్స్ దగ్గరున్న కస్టమర్ల నంబర్లు నేను తీసుకోను, ఇక్కడ పరిచయమైన పార్టీలకి ఫోన్ చేయను. రెసిపీ కార్డులు, కాస్టింగ్ షీట్లు హోటల్‌వి, అవి ఇక్కడే ఉంటాయి. మన టీమ్‌లో ఎవర్నీ నాతో రమ్మని అడగలేదు, అడగను కూడా. ఇద్దరు కమీలు వాళ్లంతట వాళ్లే వచ్చి అడిగితే, ముందు ఇక్కడ సీడీపీ దాకా ఎదగండ్రా అని పంపేశాను.

ఇక అప్పగింతలు. వేట నిషేధం 14తో అయిపోయింది, బోట్లు మళ్లీ వెళ్తున్నాయి. రెండు నెలలుగా వంజరానికి మనం ఇస్తున్న రేటు నిషేధం నాటిది. సప్లయర్ తనంతట తాను తగ్గించడు. ఈ వారంలోనే పర్చేజ్ మేనేజర్‌ని తీసుకుని తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో ఏ ధర పలుకుతోందో చూసి కొత్త రేటు మాట్లాడతాను. ఇది నేను ఉండగానే అవ్వాలి.

వాక్-ఇన్ కూలర్ తలుపు గాస్కెట్ కింది మూల ఊడిపోయింది. ఇంజినీరింగ్ వాళ్లకి కంప్లెయింట్ ఇచ్చి ఉంది, వాళ్లు టేపు అంటించి వెళ్లారు. రాత్రి షిఫ్ట్‌లో టెంపరేచర్ ఐదు డిగ్రీలు దాటుతోంది. కొత్త గాస్కెట్ వేసేదాకా పాలు, పనీర్, మారినేట్ చేసిన చికెన్ వెనక అరల్లోనే పెట్టమని చెప్పాను. మీరు ఒక మాట గట్టిగా అంటే తప్ప కదిలేలా లేరు. బాంక్వెట్ ఇండెంట్లు, పార్ స్టాక్, డ్యూటీ రోస్టర్ జులై ఆఖరుదాకా తయారుచేసి మీ టేబుల్ మీద పెడతాను. ఫైల్‌లో లేనివి, అంటే ఏ సప్లయర్ ఆదివారం ఫోన్ ఎత్తడు, తందూర్ మట్టి పగిలితే ఎవర్ని పిలవాలి లాంటివి, ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను.

నా స్థానంలో ఎవరన్నది మీ నిర్ణయం. అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇండియన్ సెక్షన్ సీడీపీ రమేష్‌ని ఒకసారి చూడండి. నెమ్మదస్తుడు కాబట్టి ఇంటర్వ్యూలో తేలిపోతాడు. కానీ రద్దీలో పాస్ దగ్గర గొంతు పెంచకుండా ప్లేట్లు బయటికి పంపగలడు, మిగిలిన గ్రేవీ ఎంతో తూకం వేసి రాసే అలవాటుంది. కాస్టింగ్ ఒక్కటే నేర్పాలి. ఈ నెల రోజులూ నా పక్కన కూర్చోబెడితే అది నేను నేర్పుతాను. బయటినుంచి తేవాలనుకుంటే, బాంక్వెట్ చేసినవాళ్లనే తీసుకోండి. ఆ లా కార్ట్‌లో ఎంత పేరున్నా, ఇక్కడి పెళ్లిళ్ల సీజన్‌కి వాళ్లు తట్టుకోలేరు.

2017లో నేను డీసీడీపీగా చేరినప్పుడు ఫుడ్ కాస్ట్ అంటే అకౌంట్స్ వాళ్ల పని అనుకునేవాణ్ణి. రోజూ సాయంత్రం చెత్త బకెట్ ముందు నిలబెట్టి, ఇందులో ఎన్ని రూపాయలున్నాయో చెప్పమనేవారు మీరు. అప్పట్లో ఒళ్లు మండేది. ఇవాళ నా సొంత మెనూకి రేటు కట్టగలుగుతున్నానంటే ఆ బకెట్టే కారణం. మీకు రుణపడి ఉంటాను.

హెచ్‌ఆర్ వారికి మనవి. మిగిలిన ఈఎల్స్ నోటీసులో సర్దవద్దు, ఆఖరి రోజుదాకా డ్యూటీ చేస్తాను, వాటికి డబ్బు లెక్కకట్టండి. ఐదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి గ్రాట్యుటీ ఫారం, పీఎఫ్ కాగితాలు కూడా చివరి వారంలో పూర్తిచేద్దాం. యూనిఫాంలు, లాకర్ తాళం, స్టోర్ తాళాలు 15న అప్పగిస్తాను. కత్తుల రోల్ నా సొంతం, గేట్ పాస్ రాయించగలరు. లైసెన్స్ పని మీద ఒక పూట బయటికి వెళ్లాల్సి రావచ్చు, ముందురోజే చెబుతాను. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ అదే రోజు ఇప్పిస్తే బ్యాంకు లోన్ ఫైల్‌లో పెట్టుకుంటాను.

రాజీనామా అందినట్టు ఒక మెయిల్ ఇవ్వగలరు.

ఇట్లు,
మీ విధేయుడు
సూర్యనారాయణ
సూ షెఫ్, బాంక్వెట్ & ఇండియన్ కిచెన్