చారల చొక్కా: 45 సెకన్ల వీడియోకు క్యాప్షన్లు

తెర మీద

0–4 సెకన్లు (బల్ల మీద గుడ్డ, కత్తెర మొదటి కోత)
ఈ చప్పుడు ఆగేదాకా దుకాణంలో ఎవరూ మాట్లాడరు.

4–9 (తడిపి ఆరబెట్టిన గుడ్డకు ఇస్త్రీ)
కోతకు ముందు సంగతి ఇది. నూలు గుడ్డ కుంచించుకుపోయేదేదో ఇక్కడే పోవాలి, మీ ఇంట్లో ఉతికాక కాదు.

9–15 (టేపు, సుద్దముక్క)
లోపలి గీత కుట్టుకు, బయటి గీత కత్తెరకు. మధ్యలో వదిలింది మీరు కాస్త ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి!

15–29 (కాలరు, బాగా దగ్గరగా)
కాలరుకు బక్రం అతికింది. అంచు కుట్టాం.
మొన దగ్గర మిగులు గుడ్డ తీసేయకపోతే తిప్పాక ముద్దగా ఉంటుంది. మరీ కుట్టు దాకా కత్తిరిస్తే పోగులు ఊడతాయి.
ఇప్పుడు తిప్పి, మొనను లోపలి నుంచి మెల్లగా తోయాలి. గట్టిగా పొడిస్తే చిల్లే.
రెండు మొనలూ ఒకదానిపై ఒకటి. తేడా కనిపిస్తే మళ్లీ విప్పడమే.

29–35 (జేబు)
ఇందులో జేబు ఉంది. కనిపెట్టండి.

35–40 (కాజాలు)
ముందు కుట్టు, తర్వాత కోత.

40–45 (దారపు కొసలు, చివరి ఇస్త్రీ)
ఇక గుండీలు పెట్టుకుని చూడటమే.

వీడియో కింద

“ఒక్క చొక్కాకు ఇన్ని రోజులా?” అని అడిగేవాళ్ల కోసమే ఈ వీడియో.

మిషను చప్పుడు వినిపిస్తేనే పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది కదా. ఇందులో మిషను కనిపించేది చాలా తక్కువ. గుడ్డ తడపడం, గీయడం, ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ చేయడం, నచ్చకపోతే విప్పడం: సమయమంతా వీటికే పోతుంది. గుడ్డను నిలువు పోగు వెంట సరిగ్గా పరచకుండా కోస్తే, నాలుగు ఉతుకులయ్యాక చొక్కా ఒంటి మీద పక్కకు తిరుగుతుంది. ఆ తర్వాత ఎంత మంచి కుట్టయినా దాన్ని సరిచేయలేదు.

చారల గుడ్డ అయితే ఇంకో తిప్పలు. జేబు మీది చార కింది చారతో కలవాలంటే గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది. అందుకే చారలకు, గళ్లకు కొంచెం ఎక్కువ తెమ్మంటాం. మిగిలిన ముక్క మీకే ఇచ్చేస్తాం, అనుమానం వద్దు.

కనిపించే చేతులు మా కటింగ్ మాస్టరు గారివి. ముఖం కూడా తీస్తామంటే కత్తెర పక్కన పెట్టేస్తానన్నారు.

కొత్తది కుట్టించుకోవడానికి వచ్చేటప్పుడు మీకు బాగా నప్పిన పాత చొక్కా ఒకటి తెచ్చుకోండి. భుజం ఎక్కడ ఆగాలో, చంక దగ్గర ఎంత వదులు కావాలో దాన్ని చూసి సులువుగా తెలుసుకుంటాం. పండుగ ముందు రోజు మాత్రం రాకండి.

#కుట్టుపని #దర్జీ #చొక్కా #కాలరు #తెరవెనుక