భాగస్వామ్య ఒప్పంద పత్రం

2025 ఆగస్టు 11వ తేదీ సోమవారం నాడు హనుమకొండలో, కాజీపేట వాస్తవ్యురాలు, ప్రైవేటు కాలేజీలో అకౌంటెంటు అయిన వేముల స్వాతి (34), హనుమకొండ వాస్తవ్యురాలు, బ్యూటీషియన్ అయిన షేక్ రిజ్వానా (33), ఇద్దరమూ ఎవరి బలవంతమూ లేకుండా మా ఇష్టపూర్వకంగా రాసుకున్న ఒప్పందం ఇది.

మేం ఇంటర్ నుంచీ స్నేహితులం. మా మధ్య నోటిమాట చాలదని కాదు. రేపు డబ్బు విషయంలో జ్ఞాపకాలు తేడాపడితే చెడేది ఆ స్నేహమే కాబట్టి కాగితం మీద పెట్టుకుంటున్నాం.

1. వ్యాపారం. నక్కలగుట్టలో అద్దెకు తీసుకున్న మొదటి అంతస్తు షాపులో "మల్లిక బ్యూటీ సెలూన్" పేరుతో 2025 సెప్టెంబరు 1 నుంచి మహిళల సెలూన్ నడుపుతాం. భారత భాగస్వామ్య చట్టం, 1932 కింద ఫర్మ్‌ను రిజిస్టర్ చేయిస్తాం. రిజిస్టర్ కాని ఫర్మ్ తనకు రావలసిన బాకీ కోసం దావా వేయలేదు కాబట్టి దీన్ని వాయిదా వేయం.

2. పెట్టుబడి. మొత్తం రూ. 12,00,000. స్వాతి రూ. 8,00,000 నగదుగా పెడుతుంది. రిజ్వానా రూ. 2,80,000 నగదు, ఇద్దరం కలిసి ధర కట్టిన తన కుర్చీలు, స్టీమర్లు, ఫేషియల్ బెడ్ రూ. 1,20,000 కింద, మొత్తం రూ. 4,00,000 పెడుతుంది. ఇందులో షాపు అడ్వాన్సుకు రూ. 1,80,000, ఇంటీరియర్, ప్లంబింగ్‌కు రూ. 4,60,000, సామగ్రికి రిజ్వానా వస్తువులతో కలిపి రూ. 3,20,000, సరుకుకు రూ. 90,000 పోగా, మిగిలిన రూ. 1,50,000 అద్దె, జీతాల కోసం బ్యాంకులోనే ఉంటుంది. పెట్టుబడి మీద ఇద్దరికీ ఏడాదికి 9 శాతం వడ్డీ. నష్టం వచ్చిన ఏడాది ఆ వడ్డీ తీసుకోం.

3. పని, జీతం. రిజ్వానా రోజంతా సెలూన్‌లో ఉండి పని, సిబ్బంది, సరుకు చూస్తుంది, నెలకు రూ. 22,000 జీతం. స్వాతి సాయంత్రాలు, ఆదివారాలు లెక్కలు, జీఎస్టీ, బ్యాంకు పనులు చూస్తుంది; నెలకు రూ. 6,000. చేతిలో డబ్బు తక్కువైన నెలలో ముందు సిబ్బందికి, తర్వాత రిజ్వానాకు, చివర స్వాతికి. రిజ్వానా ఇల్లు ఈ పని మీదే నడుస్తుంది కాబట్టి ఈ వరస.

4. లాభనష్టాలు. ఖర్చులు, జీతాలు, వడ్డీ పోగా మిగిలిన దానిలో 10 శాతం రిజర్వులో ఉంచి, మిగతాది చెరిసగం. పెట్టుబడి స్వాతిది రెట్టింపు అయినా వాటా సమానమే. ఆ అదనపు డబ్బుకు వడ్డీ ముడుతుంది. గిరాకీని తెచ్చేది మాత్రం రిజ్వానా చేతిపని. నష్టమూ సమానమే. మూడు నెలలకోసారి లెక్క చూసుకుని ఇద్దరం సంతకం చేస్తాం.

5. డబ్బు కదలిక. కరెంట్ అకౌంటు ఫర్మ్ పేరు మీదే. కౌంటర్ దగ్గర ఉండే క్యూఆర్ కోడ్ ఆ అకౌంటుదే. ఎవరి సొంత ఫోన్‌కూ డబ్బు వేయించుకోం. రూ. 10,000 దాటిన చెల్లింపుకు ఇద్దరి అంగీకారం కావాలి. ఇళ్లకు వెళ్లి చేసే పెళ్లికూతురు మేకప్‌ల డబ్బు ఫర్మ్‌దే. వెళ్లినవారికి అందులో 20 శాతం. మా చుట్టాలకు ఉచితం లేదు. సగం ధర, బిల్లుతో సహా.

6. వైదొలగడం. మొదటి రెండేళ్లు ఇద్దరం కలిసే ఉంటాం. కాన్పుకు, జబ్బుకు నాలుగు నెలల వరకు సెలవు వైదొలగడం కిందికి రాదు. ఆ కాలంలో సగం జీతం. రెండేళ్ల తర్వాత వెళ్లదలచినవారు మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఉండే భాగస్తురాలు కొంటుందో లేదో 30 రోజుల్లో చెప్పాలి. ఉన్నది ఇద్దరమే కాబట్టి ఒకరు వెళితే భాగస్వామ్యం ముగుస్తుంది. కొన్నవారు ఆ పేరుతో ఒంటరిగా నడుపుకోవచ్చు. కొనకపోతే సెలూన్ అమ్మి, అప్పులు తీర్చి, పెట్టుబడులు తిరిగి ఇచ్చి, మిగిలింది చెరిసగం.

విలువ కట్టడం ఇలా: యజమాని దగ్గరున్న అడ్వాన్సు, కొన్న ధరకు సరుకు, ఏటా 15 శాతం తరుగుతో సామగ్రి, బ్యాంకు నిల్వ, దీనికి గుడ్‌విల్ కింద గత ఏడాది నెలసరి సగటు లాభానికి ఆరు రెట్లు కలిపి, అప్పులు తీసేయాలి. ఇంటీరియర్‌కు విలువ కట్టం. గోడకు పెట్టింది తిరిగి రాదు. వచ్చిన మొత్తంలో ముందు ఎవరి పెట్టుబడి వారికి; మిగిలిందీ, తగ్గితే ఆ తరుగూ సమానం. వెళ్లేవారికి రావలసిన దానిలో 30 శాతం అదే రోజు, మిగతాది ఆరు నెలసరి వాయిదాల్లో. ఆలస్యమైతే ఏడాదికి 9 శాతం వడ్డీ.

ఫోన్ నంబరు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, కస్టమర్ల జాబితా సెలూన్‌తోనే ఉంటాయి. వెళ్లినవారు ఏడాదిపాటు రెండు కిలోమీటర్లలోపు సొంత సెలూన్ పెట్టకూడదు. ఎక్కడైనా జీతానికి పని చేసుకోవచ్చు. చేతిలో ఉన్న విద్యను ఎవరూ ఆపకూడదు. గెజిట్‌లోనూ, ఒక తెలుగు దినపత్రికలోనూ ప్రకటన ఇచ్చి, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేయాలి.

ఎవరైనా మరణిస్తే పై లెక్క ప్రకారమే వాటా ఆరు నెలల్లో వారసులకు చెల్లించాలి. స్వాతి తరఫున ఆమె భర్త, రిజ్వానా తరఫున ఆమె తల్లి అందుకుంటారు. వ్యాపారంలో చేరమని వారిని ఎవరూ అడగరు, చేరే హక్కూ వారికి ఉండదు.

7. తగాదా. ముందు ఇద్దరమే కూర్చుని మాట్లాడుకుంటాం, సిబ్బంది ముందు కాదు. 15 రోజుల్లో తేలకపోతే మా ఇద్దరికీ సమ్మతమైన చార్టర్డ్ అకౌంటెంటును మధ్యవర్తిగా పెట్టుకుంటాం. మధ్యవర్తిత్వ, రాజీ చట్టం, 1996 ప్రకారం ఆ తీర్పుకు కట్టుబడతాం.

ఈ పత్రం రెండు ప్రతులు. చదువుకుని, అర్థం చేసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు చేశాం.

(సం) వేముల స్వాతి
(సం) షేక్ రిజ్వానా