డైరెక్టర్ వార్షిక పనితీరు సమీక్ష, 2024–25

సోంపేట, 2025 మే 12

డైరెక్టర్ గారికి,

నమస్కారం. గత ఏడాది ఏప్రిల్‌లో మీరూ బోర్డూ కూర్చుని ఒప్పుకున్న ఐదు లక్ష్యాల మీద ఈ సమీక్ష రాస్తున్నాం. ముందు మీరు మీ స్వీయ నివేదిక ఇచ్చారు. ఏడుగురు బోర్డు సభ్యుల్లో ఆరుగురు, పదకొండు మంది సిబ్బందిలో తొమ్మిది మంది తమ అభిప్రాయాలు రాసిచ్చారు. అవన్నీ చదివి, మా ముగ్గురి కమిటీ ఏప్రిల్ 26న మీతో రెండున్నర గంటలు మాట్లాడింది. సిబ్బంది రాసిన మాటలు వాడిన చోట పేర్లు పెట్టలేదు. గత ఏడాది వేసిన మార్కులు ఈసారి తీసేశాం. అప్పుడు అన్నిటికీ ఐదుకు నాలుగే వచ్చాయి, ఏది సరిచేసుకోవాలో మీకు తెలియలేదు, మాకూ తెలియలేదు.

మొదటి లక్ష్యం: ఊళ్లలో కిడ్నీ పరీక్షలు

కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో 24 ఊళ్లు, 3,000 మందికి సీరం క్రియాటినిన్ పరీక్ష అనుకున్నాం. 22 ఊళ్లలో 2,640 మందికి జరిగింది. సంఖ్య తగ్గినా ఈ లక్ష్యం నెరవేరిందనే బోర్డు భావిస్తోంది. మొదటిసారి ఎక్కువ వచ్చిన 318 మందిలో 281 మందికి మూడు నెలలు దాటాక మళ్లీ పరీక్ష చేయించారు. ఒక్క రిపోర్టు చూసి జబ్బని తేల్చకూడదని, మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలని మీరు జులై సమావేశంలో పట్టుబట్టారు. ఖర్చు పెరుగుతుందని ఇద్దరం అడ్డు చెప్పాం. అందులో నేనొకణ్ని. రెండోసారి 74 మందికి మామూలుగానే వచ్చింది. ఉద్దానంలో కిడ్నీ అన్న మాట ఇంట్లో పడితే ఆ ఇల్లు ఎలా అయిపోతుందో మనందరికీ తెలుసు. 74 ఇళ్లను ఆ భయం నుంచి తప్పించింది మీ పట్టుదలే. ఇది రాతపూర్వకంగా ఉండాలని కోరి రాస్తున్నాను.

మా కోశాధికారి ఒక శిబిరానికి చెప్పకుండా వచ్చి బడి వరండాలో వెనక కూర్చున్నారు. ఆమె రాసింది ఇది: "కొబ్బరి దింపు పని చేసే ఒక పెద్దాయన రిపోర్టు పట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టర్ గారు రిపోర్టు చూడకముందే, 'ఏటి తాతా, నొప్పుల బిళ్లలు రోజూ ఏస్తన్నావా?' అని అడిగారు. ఆయన పంచె మడతలోంచి మూడు అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఆ మాత్రల వల్ల కిడ్నీకి వచ్చే ముప్పు చెప్పి, డాక్టరు దగ్గరికి తనే చేయి పట్టుకుని తీసుకెళ్లారు. ఆ తర్వాత నుంచి ప్రతి శిబిరంలోనూ పేరు రాసే బల్ల దగ్గరే మాత్రల గురించి అడుగుతున్నారు." ఆ ఒక్క ప్రశ్న మన ఫారంలో చేరింది. అది మీ చలవే.

రెండో లక్ష్యం: డయాలసిస్ రోగులకు రవాణా

వారానికి రెండు, మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాల్సిన 46 మందిని ఊళ్ల వారీగా కలిపి ఆటోలు ఏర్పాటు చేశారు. అనుకున్నట్టే నడిచింది. పెన్షన్ కాగితాల విషయంలో మాత్రం ఎనిమిది దరఖాస్తులు మన ఆఫీసులోనే నెలకు పైగా ఉండిపోయాయి. ఆ పని ఒకరికి అప్పగించి తేదీలు పెట్టండి.

మూడో లక్ష్యం: నిధులు

ఇక్కడే మాకు కష్టమనిపించింది. మన ఆదాయంలో ఒకే దాత వాటా 71 శాతం ఉండేది. దాన్ని 50కి తేవాలనుకున్నాం, 64 దగ్గర ఆగింది. ఒక ఏడాదిలో 50 అన్నది మేమూ ఆశపడి పెట్టిన అంకె, అందుకు మిమ్మల్ని తప్పుపట్టం.

తప్పనిపించింది వేరే. వచ్చే ఏడాది 11 లక్షలు తగ్గిస్తామని ఆ దాత సెప్టెంబర్ 18న మీకు ఉత్తరం రాశారు. బోర్డుకు తెలిసింది డిసెంబర్ 14న. ఈ మధ్యలో అక్టోబర్ సమావేశం జరిగింది, అందులోనూ మీరు ఆ మాట ఎత్తలేదు. అప్పుడే తెలిసి ఉంటే రెండు కంపెనీల సీఎస్ఆర్ దరఖాస్తులకు గడువు మిగిలి ఉండేది. ఇప్పుడు ఇద్దరు క్షేత్ర కార్యకర్తల కాంట్రాక్టులు కొనసాగించలేకపోయాం. ఆ ఇద్దరూ ఆరేళ్లుగా మనతో ఉన్నవాళ్లు.

"సమస్యతో కాదు, పరిష్కారంతో బోర్డు ముందుకు రావాలనుకున్నాను" అని మీరు రాశారు. మీ ఉద్దేశం మీద మాకెవరికీ అనుమానం లేదు. కానీ ఆ మూడు నెలల టెన్షన్ మీరొక్కరే మోశారు, సంస్థ అవకాశం పోగొట్టుకుంది. ఒక సభ్యుడు రాసిన మాట కూడా ఇక్కడ చేర్చాలి: "జులైలో ఆమె వాహనం ఖర్చు దాటిందని నిజం చెబితే అరగంట సేపు నిలదీశాం. తర్వాత ఆమె ఎందుకు చెబుతుంది?" ఈ మాట న్యాయమైనది. ఆ రోజు మేం మాట్లాడిన తీరుకు బోర్డు తరఫున విచారం తెలియజేస్తున్నాను.

ఇక మీదట 2 లక్షలకు మించి ప్రభావం ఉన్న ఏ వార్తయినా ఏడు రోజుల్లో నాకూ కోశాధికారికీ ఫోన్లో చెప్పండి. పరిష్కారం తర్వాత అందరం కలిసి వెతుకుదాం.

నాలుగో లక్ష్యం: మీ తర్వాత చూసుకునేవాళ్లు

ఇది జరగలేదు. నవంబర్‌లో మీకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు జీతాలు తొమ్మిది రోజులు ఆలస్యమయ్యాయి. బ్యాంకు ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది. అకౌంటెంట్ లాప్‌టాప్ పట్టుకుని వార్డు బయట కూర్చున్నాడు, మీరు సెలైన్ చేతితో అంకెలు చదివి చెప్పారు. మీ అంకితభావానికి ఇది గుర్తేమో, కానీ సంస్థ ఇలా నడవకూడదు. మీ ఆరోగ్యం కూడా మాకు ముఖ్యం.

సిబ్బందిలో ఐదుగురు దాదాపు ఒకే మాట రాశారు. "మేడమ్ మా కష్టం అడుగుతారు, మా ఇంట్లో వాళ్ల పేర్లు కూడా తెలుసు. కానీ ఆటో అద్దె తేల్చడానికి కూడా ఆవిడ ఫోన్ కోసం ఆగాలి" అని ఒకరు. మీ మీద గౌరవంతో రాసిన మాటలివి, అలాగే చదవండి.

ఐదో లక్ష్యం: ఆడిట్, లెక్కలు

ఆడిట్, ఆదాయపు పన్ను రిటర్ను, దాతలకు 80జీ పత్రాలు అన్నీ గడువులోపే. ఆడిటర్ అభ్యంతరాలు లేవు. అభినందనలు.

వచ్చే ఏడాదికి

మీతో మాట్లాడి మూడే లక్ష్యాలు పెట్టుకున్నాం. మొదటిది, సెప్టెంబర్ 30లోగా ప్రోగ్రాం మేనేజర్‌కు నెలకు 25,000 రూపాయల దాకా ఖర్చు చేసే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. దానితో పాటే బ్యాంకు లావాదేవీలకు రెండో అధీకృత వ్యక్తిని చేర్చాలి, తీర్మానం ఈ నెల సమావేశంలోనే బోర్డు చేస్తుంది. రెండోది, ఒకే దాత వాటాను 55 శాతానికి తగ్గించాలి. ఇందుకోసం ఇద్దరు సభ్యులు మీతో పాటు విశాఖపట్నం వచ్చి కంపెనీలను కలుస్తారు. ఇంతకాలం ఆ పని మీ ఒక్కరి మీదే వదిలేశాం. మూడోది, పరీక్షలో జబ్బు తేలిన వాళ్లందరినీ ఏడాది పొడవునా వెంబడించి చూడటం. కొత్త ఊళ్లు ఈ ఏడాది వద్దు.

మీ గౌరవ వేతనం ఏప్రిల్ 1 నుంచి 45,000 నుంచి 48,600 రూపాయలకు పెంచుతున్నాం. జూన్‌లో పది రోజులు సెలవు తీసుకోండి, ఆ పది రోజులూ ఆఫీసు ఫోన్ ప్రోగ్రాం మేనేజర్ దగ్గర ఉంటుంది.

ఇందులో మీరు ఒప్పుకోని మాట ఏదైనా ఉంటే మే 27లోగా రాసివ్వండి. ఒక్క అక్షరం మార్చకుండా ఈ సమీక్షతో కలిపి ఫైల్లో పెడతాం. నవంబర్ మొదటి వారంలో మళ్లీ కూర్చుందాం, ఈసారి మీ ఆఫీసులో కాకుండా మా ఇంట్లో.

బోర్డు అధ్యక్షుడు,
సమీక్ష కమిటీ తరఫున